ఏడో నంబరు తాళం

పెద్దమేస్త్రి పోయిన మర్నాడు పొద్దున్నే ఆయన తమ్ముడు నాలుగు కాగితాలు తెచ్చి చిన్నమేస్త్రి చేతిలో పెట్టాడు. నాలుగూ రెండు వైపులా రాసి ఉన్నాయి. మార్జిన్లు కూడా వదల్లేదు.

"రేపు సభలో నువ్వు చదవాల్సింది ఇదే. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్ళు తుడుచుకోవాలో పక్కన ఎర్ర ఇంకుతో పెట్టాను. నీకేం కష్టం ఉండదు" అన్నాడు.

ఈయన్ని ఇంటా బయటా మైకు బాబాయి అంటారు. పెళ్ళయినా చావైనా చేతికి మైకు అందిందంటే కరెంటు పోతే తప్ప వదలడు. మనిషి చెడ్డవాడేం కాదు. అన్నగారంటే ప్రాణం. రాత్రంతా ఏడుస్తూ రాశాడని ఆ ఉబ్బిన కళ్ళే చెబుతున్నాయి. అందుకే ఆయన్ని తప్పించుకోవడం మరీ కష్టం.

చిన్నమేస్త్రికి నలభై మూడేళ్ళు. తండ్రి లాగే లిఫ్టులు బిగించి, బాగుచేసే పని. తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి జుట్టు నెరుస్తున్నా ఇంకా చిన్నమేస్త్రే. కాగితాలు తిరగేశాడు. మొదటి పేజీలో అంతా మంచే, అందులో చాలా వరకు నిజమే. రెండో పేజీ మధ్యలో అతని చూపు ఆగిపోయింది.

'నలభై ఏళ్ళ సర్వీసులో మా నాన్నగారి చేతి కింద ఒక్క పొరపాటు జరగలేదు. జరిగిన ఆ ఒక్క ప్రమాదం కూడా పనివాడి మతిమరుపు వల్లేనని విచారణలోనే తేలింది. ఆ రోజు సాక్ష్యం చెప్పింది నేనే.'

"ఇది ఎందుకు బాబాయ్?"

"ఎందుకేమిట్రా! ఈలాయన భార్య కూడా వస్తోంది. నిన్న నేనే ఫోన్ చేసి పిలిచాను. పాపం, ఎన్నేళ్ళయినా మన ఇంటి మీద గౌరవం పోలేదు ఆవిడకి. ఆవిడ ముందు అన్నయ్య సంగతి నువ్వు చెబితే ఆ అందమే వేరు."

చిన్నమేస్త్రి కాగితాలు మడిచేశాడు. బాబాయికి ఏమీ తెలియదు. తెలిసినవాళ్ళు లోకంలో ముగ్గురే, అందులో ఒకరు ఇప్పుడు శీతల పెట్టెలో ఉన్నారు.

సంగతి ఇది. ఇరవై నాలుగేళ్ళ క్రితం, ఒక ఎనిమిదంతస్తుల భవనంలో లిఫ్టు పని. అడుగున గోతిలో దిగి పనిచేసేవాడు ఈలాయన. పని చేస్తున్నంతసేపూ ఈల వేస్తాడు కాబట్టి ఆ పేరు. పైన యంత్రాల గదిలో పెద్దమేస్త్రి, ఆయన పక్కన పని నేర్చుకుంటున్న కొడుకు, అప్పటికి పంతొమ్మిదేళ్ళవాడు. ఈ పనిలో ఒక నియమం ఉంది. గోతిలోకి దిగేవాడు ముందు పైకి వచ్చి మెయిన్ స్విచ్ ఆపి, దానికి తన సొంత తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకుని దిగాలి. ఎవడి తాళం వాడే తీయాలి. ఎందుకు వేశావని అడగడానికీ, వాడి బదులు తీయడానికీ ఎవరికీ హక్కు లేదు, మేస్త్రికి కూడా. కానీ పెద్దమేస్త్రి దగ్గర అందరి తాళాలకూ మారు చెవులుండేవి. పని ఆగిపోకుండా చూడటం తన బాధ్యత అనుకునే మనిషి.

ఆ రోజు భవనం యజమాని నాలుగోసారి మనిషిని పంపాడు. పెద్దమేస్త్రి గోతిలోకి రెండుసార్లు కేకేశాడు. ఈల వినబడలేదు, జవాబూ రాలేదు. టీ తాగడానికి వెళ్ళుంటాడనుకుని, ఈలాయన వేసిన ఏడో నంబరు తాళానికి మారు చెవి పెట్టి తిప్పి, స్విచ్ వేశాడు. లిఫ్టు కిందికి దిగింది. ఈలాయన ఎక్కడికీ వెళ్ళలేదు. రెండు చేతులూ పనిలో ఉండి, స్క్రూలు పళ్ళ మధ్య పట్టుకున్నాడు. అందుకే పలకలేదు. అతన్ని బయటికి తీసేసరికి కూడా ఆ మూడు స్క్రూలు పళ్ళ మధ్య అలాగే ఉన్నాయి.

విచారణలో ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారు. "స్విచ్‌కి తాళం ఉందా?" అని అడిగారు. పంతొమ్మిదేళ్ళవాడు తండ్రి మొహం చూశాడు. "లేదు సార్" అన్నాడు. తాళం వేయడం మరిచిపోవడం మృతుడి పొరపాటు అని రాసి, కాగితం మూసేశారు.

తండ్రి ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. పదేళ్ళ క్రితం పని మానేస్తూ తన సామాను పెట్టె కొడుక్కి ఇచ్చేశాడు. అట్టడుగు అరలో నూనెగుడ్డ చుట్టి ఆ తాళం ఉంది, నీలం టేపు మీద 7 అని రాసి. అదే ఆయన చెప్పుకోగలిగిన క్షమాపణేమో, ఎవరికి చెప్పుకున్నాడో మాత్రం ఆయనకే తెలియాలి.

ఇప్పుడు ఆ ఈలాయన భార్య ఎదురుగా నిలబడి, అదే అబద్ధం రెండోసారి చెప్పాలి. ఈసారి మైకులో.

*

దహనశాల ఆఫీసు రెండు గదుల్లో ఉంటుంది. ముందు గదిలో గోడ వారగా కుర్చీలు, వెనక గదిలో ఒక బల్ల, ఒక ప్రింటరు. అక్కడ సభలు నడిపించే ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడేసుకుంది. ఎదుటివాడు ఏడ్చినా, అరిచినా, బేరమాడినా ఒకే గొంతుతో మాట్లాడే రకం. చిన్నమేస్త్రి ఎదురుగా కూర్చున్నాడు. జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది మా నాన్న పెట్టెలో వేయొచ్చా అండీ? లోపల, చేతి పక్కన."

"వేయకూడదండీ. ఇనుమూ ఇత్తడీ, బ్యాటరీలూ ఏవీ లోపలికి వెళ్ళకూడదు. గుడ్డ, కాగితం, పువ్వు, అంతే" అంది ఆవిడ. తాళం అతని వైపు మెల్లగా జరిపింది. "దీనికోసమే వచ్చారా?"

"కాదండీ. రేపు నేను మాట్లాడాలని రాశారు. మీట కూడా నేనే నొక్కాలట. రెండూ నా వల్ల..." అని ఆగిపోయాడు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఫారం బయటికి తీసింది. మాట్లాడేవారు: కుమారుడు. మీట నొక్కేవారు: కుమారుడు. మోసేవారు: ఆరుగురు, పేర్లు రాయాలి. కింద సంతకం తల్లిది.

"సంతకం చేసింది మీ అమ్మగారు. కాబట్టి సభ ఎలా జరగాలో చెప్పే హక్కు ఆవిడది. కానీ మీరు ఏం చేస్తారో చెప్పే హక్కు మీది. మీ పేరు ఎవరు రాసినా సరే, మీరు వద్దంటే నేను కొట్టేస్తాను. ఎందుకని నేను అడగను. రేపు మిమ్మల్ని అడిగేవాళ్ళకి కూడా మీరు చెప్పనక్కర్లేదు."

చిన్నమేస్త్రి తల ఎత్తి చూశాడు. ఎవరి తాళం వారిది అన్న నియమాన్ని ఆవిడ ఎక్కడ నేర్చుకుందా అనిపించింది.

"కొడుకు మాట్లాడకపోతే సభ జరుగుతుందా అండీ?"

"పిల్లలే లేనివాళ్ళకి జరగడం లేదా? పోయినవారం ఒకాయన్ని నేనూ, లోపల యంత్రం నడిపే అతనూ, ఇద్దరమే పంపించాం. ఈ మీట ఉందే, అది నొక్కితే లోపల ఒక దీపం వెలుగుతుంది. ఆ దీపం చూసి తలుపు తెరిచేది అతనే. ఎవరూ నొక్కకపోతే నేను తల ఊపితే తెరుస్తాడు. దేనికీ అడ్డం రాదు."

ఆ మాటతో అతనికి కొంచెం ఊపిరాడింది. ఆవిడ పెన్ను తీసి, పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుంది. ఇలాంటివాళ్ళు నెలకొకరైనా వస్తారు కాబోలు, చెప్పడంలో తడుముకోలేదు.

"మొదటిది, ఈ రోజే చెప్పాలి. సభలో ఏది తర్వాత ఏదో వేసి అందరికీ పంచే కార్డు నాలుగింటికి అచ్చుకి వెళ్తుంది. అందులో మీ పేరు పడ్డాక మీరు లేవకపోతే హాలంతా మీ వైపే చూస్తుంది. పేరే లేకపోతే చూడ్డానికేం ఉండదు. ఖాళీ కూడా వదలను. అక్కడ రెండు నిమిషాల మౌనం అని వేస్తాను.

"రెండు, మీ అమ్మగారికి మీరే చెప్పాలి, ఇంకొకరి నోటి నుంచి వినకూడదు. ఆవిడ నాకు ఫోన్ చేసి సరే అనక్కర్లేదు, ఆవిడకి తెలుసు అంటే చాలు.

"మూడు, ఒకటే వాక్యం. 'నేను మాట్లాడను, మీట నొక్కను, మోస్తాను.' ఎవరడిగినా అదే, పదిసార్లడిగినా అదే. గొంతు బాగాలేదనకండి, వేడినీళ్ళు తెచ్చిస్తారు. రాయడం రాదనకండి, రాసిస్తారు."

"రాసిచ్చేశారండీ. నాలుగు కాగితాలు."

"చూశారా" అంది ఆవిడ నవ్వకుండానే. "కారణం చెబితే దానికో మందు పట్టుకొస్తారు. అబద్ధం కారణం చెబితే అదొకటి మళ్ళీ మొయ్యాలి. మోస్తాను అన్న మాట మాత్రం మీకు నిజంగా ఇష్టమైతేనే కలపండి. వద్దు అన్నదాని పక్కన ఇది చేస్తాను అన్నది ఒకటుంటే వినేవాళ్ళు కాస్త మెత్తబడతారు. ఇష్టం లేకపోతే అదీ వద్దు."

"మోస్తానండీ" అన్నాడు. ఆ మాట అంటూండగానే రెండ్రోజుల నుంచి రాని ఏడుపు వచ్చింది. తండ్రి భుజాల మీద కూర్చుని అతను ఎనిమిదంతస్తుల మెట్లు ఎక్కాడు చిన్నప్పుడు, లిఫ్టు ఇంకా బిగించని భవనంలో. ఆ మనిషిని మోయనని ఎలా అంటాడు?

ఆవిడ చేతిరుమాలు ఇవ్వలేదు, ఓదార్చలేదు. ఏడుపు ఆగేదాకా ఫారంలో గడులు దిద్దుకుంటూ కూర్చుంది. తర్వాత అంది:

"మీ బాబాయిగారు ఏం మాట్లాడతారో ఆపడం మీ చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు. కానీ ఒకటి చేస్తాను. 'కుటుంబం తరఫున' అని ఎవరినీ అననివ్వను. అలా అంటే మీరూ అందులో ఉన్నట్టే. ఎవరు రాసింది వాళ్ళ పేరు మీదే చదువుతారు. మీరు రెండో వరుసలో, నడవ పక్క కుర్చీలో కూర్చోండి. ఎవరైనా పిలిస్తే లేవకండి, జవాబు చెప్పకండి, నా వైపు చూడండి. మిగతాది నా పని."

*

అమ్మ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. చుట్టాల్లో నలుగురు ఆ పని మేం చేస్తామన్నా ఇవ్వలేదు. ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ అడగరు కదా. చిన్నమేస్త్రి తలుపు దగ్గరగా వేసి, గట్టుకి ఆనుకుని నిలబడ్డాడు.

"అమ్మా, రేపు నేను మాట్లాడను, మీట నొక్కను. మోస్తాను."

కత్తి ఆగింది. "బాబాయి అంత రాశాడే."

"చూశాను. నేను మాట్లాడను."

"నలుగురూ ఏమనుకుంటారు? ఒక్కగానొక్క కొడుకువి. తండ్రి మీద ఏదో కోపం అనుకోరూ?"

"అనుకోనీ అమ్మా. నేను మాట్లాడను."

అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత గొంతు బాగా తగ్గించి అడిగింది, "ఆ సంగతేనా?"

అతను తల ఊపాడు. తెలిసిన మూడో మనిషి ఆవిడే. ప్రమాదం జరిగిన సాయంత్రం భర్త చొక్కా ఉతకబోతే జేబులో తాళం తగిలింది, నీలం టేపుతో. భర్త దాన్ని చేతిలోంచి లాక్కున్నాడు. అంతకంటే చెప్పక్కర్లేకపోయింది.

"ఇరవై నాలుగేళ్ళు మోశావు నాన్నా. ఇంకో ఐదు నిమిషాలు మోయలేవా? ఆయన వెళ్ళిపోయాడు. రేపటితో అయిపోతుంది."

అన్నింటికంటే ఈ మాటే అతన్ని కదిలించింది. అమ్మ కఠినంగా అనలేదు, బతిమాలింది. ఐదు నిమిషాలు అంటే నిజంగా ఎంత? నాలుగు కాగితాలు. రెండో పేజీ మధ్యలో మూడు వాక్యాలు. సరే అన్న మాట నోటి దాకా వచ్చింది. సరే అంటే ఇల్లంతా హాయిగా ఉంటుంది, బాబాయి వీపు తడతాడు, అమ్మ అన్నం తింటుంది. ఆ రోజు విచారణ గదిలో కూడా సరిగ్గా ఇలాగే ఉండింది. అందరూ హాయిగా ఉండటానికి ఒక్క మాట.

"నేను మాట్లాడను, మీట నొక్కను. మోస్తాను" అన్నాడు మళ్ళీ. గొంతు మాత్రం చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది.

అమ్మ మళ్ళీ కత్తి అందుకుంది. "కోపంగా ఉంది నాకు" అంది. "అయినా నువ్వొచ్చి నాకు చెప్పావు. రేపు కుర్చీలో కూర్చుని తెలుసుకునుంటే నీ మొహం చూసేదాన్ని కాదు. వెళ్ళు, ఆ సభ నడిపే ఆవిడకి ఫోన్ చెయ్యి. నాకు తెలుసని చెప్పు."

మూడూ ముప్ఫైకి ఫోన్ చేశాడు. అవతల పెన్నుతో గీత గీసిన చప్పుడు వినబడింది, లేదా వినబడిందనుకున్నాడు.

మైకు బాబాయి సంగతి సాయంత్రం తేలింది. తేలింది అనడం తప్పు, మునిగింది. చిన్నమేస్త్రి ఆ ఒక్క వాక్యమూ చెప్పాడు. బాబాయి గొంతు నొప్పా అన్నాడు, భయమా అన్నాడు, పక్కనే నిలబడి భుజం మీద చెయ్యి వేస్తానన్నాడు, మొదటి పేజీ ఒక్కటే చదవమన్నాడు, చివరికి అన్నయ్య ఆత్మ ఘోషిస్తుందన్నాడు. ప్రతిదానికీ అదే వాక్యం. ఏడోసారికి ఆయన కాగితాలు లాక్కుని, "నీ కడుపున ఎలా పుడతారో చూస్తాను!" అని, చిన్నమేస్త్రికి ఇద్దరు పిల్లలు ఇప్పటికే పుట్టి హైస్కూల్లో ఉన్నారన్న సంగతి కూడా మరిచి వెళ్ళిపోయాడు.

*

మర్నాడు పదకొండింటికి హాలు నిండింది. లిఫ్టు పనివాళ్ళు పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ ముప్ఫై మంది దాకా వచ్చారు. గోళ్ళ సందుల్లో గ్రీజు ఎంత రుద్దినా పోదు వాళ్ళకి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఆరుగురు పెట్టె మోసుకొచ్చారు. ముందు కుడివైపు చిన్నమేస్త్రి. బరువు భుజం మీదకి రాగానే, తండ్రి చివర్లో ఎంత తగ్గిపోయాడో తెలిసింది. పెట్టె దించి, రెండో వరుసలో నడవ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ప్యాంటు జేబులో తాళం తొడకి గుచ్చుకుంటోంది.

అటు చివరి వరుసలో ఈలాయన భార్య కూర్చుంది. ముదురాకుపచ్చ చీర, ఒళ్ళో చేతిసంచి. అతను ఒక్కసారే చూశాడు. మళ్ళీ చూడలేదు.

సభ నడిపే ఆవిడ పుట్టిన ఏడాది, చేసిన పని, బతికిన ఇల్లు చెప్పింది. లెక్కగా, పొగడ్త లేకుండా. తర్వాత మైకు బాబాయి లేచాడు. తన నాలుగు కాగితాలూ తన పేరు మీదే చదివాడు. రెండో పేజీ మధ్యకి వచ్చినప్పుడు చిన్నమేస్త్రి బూట్ల కొసలు చూస్తూ కూర్చున్నాడు. 'మతిమరుపు' అన్న మాట హాలంతా తిరిగి వచ్చింది. 'సాక్ష్యం చెప్పింది మా అబ్బాయే' అని మార్చి చదివాడు బాబాయి. అక్కడితో ఊరుకుంటే మైకు బాబాయి ఎందుకవుతాడు? కాగితాలు మడిచి, మైకు చేత్తో పట్టుకుని, నడవలోకి దిగాడు.

"ఆ సాక్షి ఇక్కడే ఉన్నాడు. కార్డులో లేకపోయినా కన్నకొడుకు కదా. రా నాన్నా, రెండు మాటలు! మీ నాన్న గురించి ఆ రోజు చెప్పిన నిజం ఈ రోజు అందరికీ చెప్పు."

మైకు అతని గడ్డం దాకా వచ్చింది. హాలంతా ఇటు తిరిగింది. పాత పనివాడొకడు చప్పట్లు కొట్టబోయి, ఇది చావు అని గుర్తొచ్చి ఆపుకున్నాడు. ముందు వరుసలో అమ్మ వీపు బిగుసుకుపోయింది. చిన్నమేస్త్రి లేచి నిలబడితే రెండే దారులు. చెబితే తండ్రి శవం ముందు తండ్రిని ఉరి తీసినట్టు, చెప్పకపోతే ఆ ఆకుపచ్చ చీర ముందు ఈలాయన్ని మళ్ళీ గోతిలోకి దించినట్టు.

అతను లేవలేదు. జవాబు చెప్పలేదు. ఆవిడ వైపు చూశాడు.

"అబ్బాయిగారు మాట్లాడనని ముందే చెప్పారు" అంది ఆవిడ తన మైకులోంచి, వాతావరణం చెప్పినంత మామూలుగా. "ఆయన ఈ రోజు తండ్రిని మోశారు. ఇప్పుడు రెండు నిమిషాలు మౌనం. అందరూ లేవండి."

ముప్ఫై జతల బూట్లు ఒక్కసారిగా కదిలాయి. అందరూ లేచాక నిలబడి ఉన్న బాబాయి కూడా అందరిలో ఒకడయ్యాడు. చేతిలో మైకుతో ఏం చేయాలో తోచక దాన్ని ఛాతీకి ఆనించుకున్నాడు. ఆయన గుండె చప్పుడు హాలంతా వినబడింది, టక్ టక్ మని. ఎవరూ నవ్వలేదు. ఆ రెండు నిమిషాల్లో చిన్నమేస్త్రికి తెలిసింది బాబాయి ఎంత దుఃఖంలో ఉన్నాడో.

మౌనం అయ్యాక ఆవిడ తల ఊపింది. గోడలో తలుపు తెరుచుకుంది, పెట్టె లోపలికి వెళ్ళింది, తలుపు మూసుకుంది. మీట దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. దేనికీ అడ్డం రాలేదు.

*

బయట కార్లు నిలిపే చోట జనం గుంపులుగా నిలబడ్డారు. కొందరు అతని చెయ్యి నొక్కారు, కొందరు తప్పుకున్నారు. అమ్మ కారులో కూర్చుని కిటికీ అద్దం ఎత్తేసుకుంది. గోడ పక్కన నీళ్ళ కుళాయి దగ్గర ఈలాయన భార్య ఒక్కతే నిలబడి, సంచిలోంచి గొడుగు తీసుకుంటోంది. అతనే వెళ్ళాడు.

"వచ్చారు, సంతోషం అక్కా" అన్నాడు, ఇంకేం అనాలో తెలియక.

"నువ్వు మాట్లాడతావని మీ బాబాయి అన్నారు. అందుకే వచ్చాను" అంది ఆవిడ. "మాట్లాడితే మధ్యలో లేచి వెళ్ళిపోదామనుకున్నా. అందరూ చూసేలా. ఇన్నేళ్ళూ ఆ ఒక్కటే అనుకున్నా."

చిన్నమేస్త్రి చెయ్యి జేబులో తాళం మీదకి వెళ్ళింది.

"మా ఆయన ఇంటి తలుపు తాళం వేశాక రెండుసార్లు లాగి చూసేవాడు. ఒక్కోసారి వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగేవాడు. బస్సు తప్పిపోతోందని నేను తిట్టేదాన్ని. ఆ మనిషి మరిచిపోయాడని రాశారు. నా పిల్లలు కూడా నమ్మారు. నాన్న మతిమరుపు మనిషి అనుకునే పెరిగారు." గొడుగు తెరవబోయి, మళ్ళీ మూసింది. "ఇంతమంది ముందు, కన్నతండ్రి శవం ముందు, వద్దు అని కూర్చోగలిగావు. కూర్చోవచ్చని నీకు తెలుసన్నమాట. మరి ఆ రోజు ఎందుకు కూర్చోలేదు?"

ఎందుకని ఎవరడిగినా చెప్పనక్కర్లేదు అని నేర్పింది సభ నడిపే ఆవిడ. బాబాయికి చెప్పలేదు, ముప్ఫై మంది పనివాళ్ళకి చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. కానీ ఈవిడకి అలా చెబితే అది ఇంకో అబద్ధం. లోకంలో ఈ ఒక్క మనిషికి ఎందుకని అడిగే హక్కుంది.

"భయపడ్డానక్కా" అన్నాడు. "మీ ఆయన తాళం వేశారు. నేను చూశాను. మా నాన్న మారు చెవితో తీశారు. అదీ చూశాను. లేదని చెప్పాను."

జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు. నీలం టేపు అంచులు ఊడిపోయాయి. 7 మాత్రం ఇంకా ఉంది, ఈలాయన చేతిరాత, కింద కాలు కొంచెం వంకర.

"అడిగినవాళ్ళకి చెబుతాను. కాగితం మీద రాసిస్తాను. మీ పిల్లల దగ్గరికి వచ్చి చెప్పమన్నా వస్తాను."

ఆవిడ అరవలేదు. కొట్టలేదు. అవి చేసుంటే అతనికి తేలికగా ఉండేది. గొడుగు చంకలో పెట్టుకుని, అరచేతిలో తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కొక్కెం తెరిచే ఉంది, ఆ రోజు పెద్దమేస్త్రి తెరిచినట్టే. బొటనవేలితో నొక్కింది. ఇన్నేళ్ళ నూనెగుడ్డ పుణ్యమా అని టక్కున పడింది.

రెండుసార్లు లాగి చూసింది. తర్వాత దాన్ని సంచిలో వేసుకుని, అతని వైపు చూడకుండా బస్సు ఆగే చోటికి నడిచింది.